ముందు తల, తరువాత చెయ్యి, ఆఖరున రంగు

గుడివాడ దగ్గరి నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి. రామారావు 1977లో వచ్చిన 'దానవీరశూర కర్ణ'లో కృష్ణుడు, దుర్యోధనుడు, కర్ణుడు మూడు వేషాలూ తానే కట్టాడు. ముఖం ఒకటే, గొంతూ ఒకటే. అయినా తెర మీదికి ఎవరు వచ్చారని హాల్లో ఎవరూ తడుముకోలేదు. పౌరాణికంలో మనిషిని ముఖం చూసి పోల్చుకోవడం లేదన్నమాట. ఇవాళ్టి యానిమేషన్ చిత్రాల్లో, డబ్బింగ్ సీరియళ్లలో ఈ సంగతి ఇంకా బాగా అక్కరకొస్తుంది. దేవుళ్లందరికీ ఒకే నున్నటి ముఖం, ఒకే పొడుగు జుట్టు, ఒకే కండల భుజాలు. ఎవరు ఎవరో తెలియాలంటే ముందు తల మీద ఏముందో, తరువాత చేతిలో ఏముందో, చివరికి ఒంటి రంగు ఏమిటో చూడాలి. చాలామంది రంగుతో మొదలుపెడతారు. చిక్కంతా అక్కడే.

తలకు మొదటి చోటు ఎందుకంటే దూరం వల్ల. బందరు పరిసరాల్లోనూ దివిసీమ ఊళ్లలోనూ రాత్రంతా 'రాయబారం' ఆడేటప్పుడు వెనక చాపల మీద కూర్చున్నవాడికి నటుడి కళ్లూ ముక్కూ ఆనవు. కిరీటం అంచు, దాని మీది నెమలిపింఛం మాత్రం ఆనతాయి. కూచిపూడి వాళ్లు ఈ సూత్రాన్ని ఇంకో మెట్టు ఎక్కించారు. భామాకలాపంలో ముఖం కనిపించకముందే సత్యభామ తెర మీదుగా తన జడను ఇవతలికి వేస్తుంది. ఆ జడ చూడగానే వచ్చింది సత్యభామ అని సభకు తెలిసిపోతుంది. ముఖం ఆ తరువాత సంగతి.

నీలం లేకుండా కృష్ణుణ్ణి ఎలా పోల్చుకుంటామని ఎవరైనా అడగవచ్చు. 1957 నాటి 'మాయాబజార్' నలుపు తెలుపు చిత్రం. దానికి రంగులద్ది విడుదల చేసింది 2010లో. మధ్యనున్న యాభై ఏళ్లకు పైగా నీలం అన్నదే లేని కృష్ణుణ్ణి జనం కృష్ణుడిగానే చూశారు. అసలు నీలం చెప్పేది పేరు కాదు, వంశం లాంటిది. విష్ణువుకూ రాముడికీ కృష్ణుడికీ అదే రంగు. కొత్త బొమ్మల్లో శివుడికీ పూసేస్తున్నారు. శివుడిది విభూతి తెలుపు, నీలం కంఠానికే పరిమితం కావాలి. అయితే రంగు వృథా కాదు. జంటలు వచ్చినచోట దానికి బలం. కృష్ణుడు నీలం ఒంటి మీద పసుపు పట్టు కడతాడు, బలరాముడు తెల్లటి ఒంటి మీద నీలం బట్ట కడతాడు. ఒకరి రంగును ఇంకొకరు తిరగేసి కట్టుకున్నట్టుంటుంది. వనవాసంలో రామలక్ష్మణులకు కిరీటాలుండవు, జటలూ నారచీరలూ విల్లులూ ఇద్దరికీ ఒకటే. అక్కడ శ్యామవర్ణం, బంగారువర్ణం తప్ప వేరే ఆనవాలు మిగలదు. 1987 నాటి హిందీ 'రామాయణ్' సీరియల్లో రాముడికి నీలం పూయలేదు కనుక అడవి సన్నివేశాల్లో ఆ ఆనవాలూ పోయింది. ఇక ఎవరు ముందు నడుస్తున్నారో చూసుకోవాల్సిందే.

నగల విషయంలో యానిమేషన్ మనకు తెలియకుండానే ఒక మేలు చేసింది. చేత్తో గీసే బొమ్మలో ఒక్క ముత్యాలపేట ఎక్కువైతే ఆ పాత్ర కదిలే ప్రతి బొమ్మలోనూ ఆ పేటను మళ్లీ గీయాలి. అందుకే గీసేవాళ్లు హారాలు తగ్గించి పింఛం, వేణువు, నామం లాంటి తీసేయలేనివే మిగిల్చారు. కంప్యూటర్‌లో మలిచే త్రీడీ బొమ్మకు ఆ ఇబ్బంది లేదు. నగ ఒకసారి చేసి తొడిగితే చాలు, బొమ్మతోపాటే కదులుతుంది. దాంతో మంత్రికీ చక్రవర్తికీ ఒకే బరువు బంగారం దిగేస్తున్నారు. సీరియళ్లదీ అదే దారి. చిలకలపూడి గిల్టు నగల దుకాణం మొత్తం ఒక్క మెడలో వేసినా ఆ మెడ ఎవరిదో తెలియదు. నగ అంతస్తు చెబుతుంది, అంతే.

చేతిలోని ఆయుధమూ ఒంటరిగా చాలదు. గద భీముడికీ ఉంది, దుర్యోధనుడికీ ఉంది, హనుమంతుడికీ ఉంది. విల్లు అర్జునుడికీ కర్ణుడికీ ఉంది. కర్ణుణ్ణి విడదీసేది సహజ కవచకుండలాలు. వాటికి ఒక గడువుంది. ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వచ్చి దానం పట్టాక ఆ రెండూ ఉండకూడదు. యుద్ధం సన్నివేశంలో కర్ణుడి చెవులు చూడండి. అవే బంగారు కుండలాలు వేలాడుతుంటే వేషం కట్టినవాడు కథ మరచిపోయాడని అర్థం. మామూలు పోగులు పెడితే తప్పు లేదు, పుట్టుకతో వచ్చినవాటికీ వాటికీ తేడా కనపడాలి.

ఇంత చెప్పినా ఆహార్యానికి అందని చోటు ఒకటుంది. దాన్ని 'మాయాబజార్'లోనే చూడొచ్చు. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ఎత్తినప్పుడు చీర, నగలు, జడ, ముఖం అన్నీ శశిరేఖవే. ఒక్క ఆనవాలూ మార్చడానికి వీల్లేదు, మారిస్తే మాయే చెడుతుంది. అక్కడ సావిత్రి అడుగు పెద్దది చేసింది, భుజం విసిరింది, రాక్షసుడి విసురు చీరకట్టులోంచి బయటకు తెచ్చింది. బొమ్మలు కదిలించేవాళ్లకు ఇది కిరీటం గీయడం కంటే కష్టమైన పని. నడకను అచ్చులో పోసి పది పాత్రలకు పంచే స్టూడియోలో మాయాశశిరేఖను చేయలేరు.