ఎడం ఎక్కడ, ఎందుకు?

2022-23 విద్యా సంవత్సరంలో తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం మొదలైంది. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు మెదక్ జిల్లా రేగోడ్ లాంటి మండలాల బడులకూ వచ్చాయి. ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చదివే పిల్లకు స్పెల్లింగు కన్నా ముందు ఎదురయ్యే చిక్కు మాటల మధ్య ఎడం. మనం 'ప్రతి రోజు' అని విడదీసి రాసినా, 'ప్రతిరోజు' అని కలిపి రాసినా అర్థం మారదు, మార్కులూ పోవు. ఒకప్పటి తాటాకు రాతల్లో అసలు ఎడమే లేదు. మాట ఎక్కడ ఆగిందో విభక్తి చెప్పేది, చెవి చెప్పేది. ఇంగ్లిష్‌లో అలా కాదు, కొన్ని జంటల్లో ఎడం ఉందా లేదా అన్నదాన్ని బట్టి అర్థమే మారుతుంది. ఈ సంగతి చెప్పకుండా 'ఇవి కలిపి, అవి విడిగా' అని జాబితా బట్టీ పట్టిస్తే పిల్లకు మిగిలేది జాబితానే.

నిజానికి దీన్ని విప్పే పనిముట్టు మన తెలుగు వాచకంలోనే ఉంది. సమాసం అంటే అన్వయం కుదిరిన మాటలు ఒక్క పదం కావడం అని 1858 నాటి బాలవ్యాకరణం నుంచీ చెప్పుకుంటున్నాం. ఒక్క పదమైంది అనడానికి గుర్తేమిటి? దాని నడుమ ఇంకో మాట దూరదు. 'రాజు యొక్క చిన్న కుమారుడు' అనవచ్చు గానీ, 'రాజకుమారుడు' నడుమ 'చిన్న' దూర్చలేం. ఇంగ్లిష్ మాటలకూ ఇదే పరీక్ష పెట్టండి. 'ఐ గో టు స్కూల్ ఎవ్రీ డే' అన్న వాక్యంలో 'ఎవ్రీ సింగిల్ డే' అన్నా వాక్యం నిలబడుతుంది, కాబట్టి అవి రెండు మాటలు. 'ఎవ్రీడే క్లోత్స్' అన్నప్పుడు నడుమ 'సింగిల్' పెడితే మాట విరిగిపోతుంది, కాబట్టి అది ఒక్కటి. తెలుగులో మొదటిది 'రోజూ', రెండోది 'రోజువారీ'. రోజువారీ బట్టలు, రోజువారీ ఖర్చు అన్నట్టు వెనకాల ఎప్పుడూ ఒక నామవాచకం కావాలి. మీసేవ కేంద్రంలో తెర మీద కనిపించే లాగిన్ సంగతీ ఇంతే. పేరుగా వాడితే ఒక్క మాట. క్రియగా వాడితే భూతకాలపు గుర్తు నడుమకు వస్తుంది, 'లాగ్డ్ ఇన్' అవుతుంది. అందుకే క్రియను విడిగా రాస్తారు.

తెలుగు అర్థం చూసుకుంటే చాలదా అని అడగవచ్చు. అన్ని చోట్లా చాలదు. 'మేబీ'ని కలిపి రాస్తే 'బహుశా' అనీ, విడిగా రాస్తే 'కావచ్చు' అనీ చెబుతుంటారు. మెదక్ వైపు 'వస్తడు కావచ్చు' అంటే ఆ 'కావచ్చు'కు అర్థం బహుశా అనే. ఆ పిల్ల అర్థాన్ని నమ్ముకుని 'మే బీ హీ విల్ కమ్' అని విడిగా రాస్తుంది. తప్పు ఆమె తెలుగుది కాదు, నేర్పిన గుర్తుది. నడుమ మాట దూర్చే పరీక్ష ఇక్కడ పనికొస్తుంది. 'హీ మే బీ లేట్' అన్నప్పుడు 'మే నాట్ బీ' అనవచ్చు కనుక అవి రెండు మాటలు. 'మేబీ హీ విల్ కమ్' అన్నప్పుడు అలా 'నాట్' పెట్టలేం. పైగా అందులో 'విల్ కమ్' అనే క్రియ వేరే ఉంది, ఇంకో క్రియకు చోటు లేదు.

ఇంగ్లిష్‌వాళ్లకే నిలకడ లేనప్పుడు మనకెందుకు ఈ పట్టింపు అన్నది ఇంకో వాదన. అందులో సగం నిజముంది. 'టుడే' నడుమ ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల దాకా చిన్న గీత ఉండేది, తర్వాత పోయింది. 'ఎనీ మోర్' దగ్గర అమెరికాకూ బ్రిటన్‌కూ ఇప్పటికీ పడదు. 'ఇక మీదట లేదు' అనే అర్థంలో అమెరికావాళ్లు కలిపేస్తారు, బ్రిటన్‌లో విడిగా రాసే అలవాటే పాతది. 'ఇంకా కాస్త అన్నం' అన్నట్టు పరిమాణం చెప్పేటప్పుడు మాత్రం ఇద్దరూ విడిగానే రాస్తారు. కానీ ఒక హద్దు దగ్గర తగవుందని పొలం మొత్తానికీ గట్లు లేవనుకోకూడదు. 'ఎవ్రీ డే' విషయంలో నిఘంటువులకు పేచీ లేదు. దుకాణాల బోర్డుల మీద 'ఓపెన్ ఎవ్రీడే' అని కలిపి రాయడం ఇంగ్లిష్ దేశాల్లోనూ కనిపిస్తుంది. అయినా జాగ్రత్తగా అచ్చువేసే పుస్తకంలో అది చెల్లదు.

మన దగ్గర ఈ తప్పు ఎక్కువ కావడానికి ఉచ్చారణ కూడా ఒక కారణం. ఇంగ్లిష్‌వాళ్లు విడి మాటల్లో 'డే' మీదా ఊనిక ఉంచుతారు, కలిసిన మాటలో బరువంతా మొదటి అక్షరం మీదే వేస్తారు. మనం రెండింటినీ ఒకే తూకంతో పలుకుతాం, అందుకే చెవి సాయం అందదు. కాబట్టి ఇంగ్లిష్ టీచర్లకు ఒక మనవి: ఈ జంటల్ని స్పెల్లింగు జాబితాలో వేయకండి. తెలుగు సారు సమాసాలు చెప్పే వారంలోనే, నడుమ మాట దూర్చే పరీక్షతో చెప్పండి. ఆ పరీక్షకు లొంగని 'ఎనీ మోర్'ను ఏ అర్థంలోనైనా విడిగానే రాయమనండి. బ్రిటిష్ పద్ధతిలో రెండు అర్థాలకూ అది చెల్లుతుంది.