280 రూపాయల విస్తరి

రాజమండ్రి పక్క పల్లెలో ఉండే ఒక కేటరింగ్ మాస్టారు పెళ్ళి ఆర్డరు ఒప్పుకునే ముందు రాసుకునే చీటీ నా ముందుంది. రూళ్ళ కాగితం, రెండు వైపులా పెన్నుతో రాసిన లెక్క. మధ్యాహ్నం ముహూర్తం, శాకాహార భోజనం, 500 విస్తళ్ళు. చీటీ చివర ‘280’ అని ఉంది. ఈ అంకె దగ్గరికి ఆయన వచ్చిన తీరు, మంచి వడ్రంగి చేసిన తలుపు చూసినట్టు, అతుకు అతుకూ ఆగి చూడాల్సిన పని.

చాలామంది సరుకుల లెక్కను తలకి ఇన్ని గ్రాములని మొదలుపెడతారు. ఈయన ముందు వంటకాలను రెండుగా విడగొట్టాడు. గరిటెతో వడ్డించేవి ఒక పక్క, లెక్కపెట్టి వేసేవి ఇంకో పక్క. అన్నం, పప్పు, సాంబారు, పెరుగు గరిటె వంటకాలు. వీటిని సగటున తూకం వేస్తే చాలు, ఒకరు తక్కువ తిన్నది మరొకరు ఎక్కువ తిన్నదాంట్లో సర్దుకుంటుంది. బూరె, గుత్తి వంకాయ, అప్పడం అలా కాదు. మనిషికి రెండు బూరెలంటే చివరి బంతిలో ఆఖరున కూర్చున్నవాళ్ళకీ రెండు పడాలి. అక్కడ సగటు పనికిరాదు. అందుకే లెక్కపెట్టేవాటికి పదోవంతు అదనంగా వేసుకుంటాడు. బియ్యానికి మాత్రం ఆ అదనం రాయడు.

బూరెల లెక్క చూడండి. 500 మందికి రెండేసి చొప్పున వెయ్యి, అదనంతో 1,100. కిలో శనగపప్పు ఉడికించి, కిలో బెల్లంతో కలిపి దగ్గరికి వచ్చేదాకా తిప్పితే ఆయన చేతికి సుమారు 80 ఉండలు వస్తాయి. అంటే శనగపప్పు 14 కిలోలు, బెల్లం 14 కిలోలు. పై తోపుకి 4 కిలోల బియ్యం, 2 కిలోల మినప్పప్పు. ఏలకులతో కలిపి 2,800 రూపాయలు. ‘80 ఉండలు’ అన్న మాటలోనే ఆయన అనుభవమంతా ఉంది. ఉండ కొంచెం లావుగా చుడితే కిలోకి 65 దాటవు, 1,100 బూరెలకి 17 కిలోల పప్పు కావాలి. పూర్ణం పలచబడితే తోపులోంచి నూనెలోకి చీలిపోతుంది, ఆ వాయి పారబోయాల్సిందే. అందుకని ఉండలు చుట్టడం మొదలైన పది నిమిషాలకు ఆయనే వెళ్ళి ఒక పళ్ళెంలోవి తూకం వేసి చూస్తాడు.

వంకాయలకీ అదే పద్ధతి. గుత్తి వంకాయకి పనికొచ్చే చిన్న కాయలు కిలోకి 20 తూగుతాయి. మనిషికి రెండంటే 50 కిలోలు. పుచ్చులు పోతాయి కాబట్టి 55 రాశాడు.

గరిటె వంటకాల్లో ఆయన నేర్పు ఇంకో రకంగా కనిపిస్తుంది. పులిహోర లేకపోతే మనిషికి 150 గ్రాముల బియ్యం వేసేవాడు. పులిహోర ఉంది కనుక అన్నానికి 120, పులిహోరకి 30. మనిషి పొట్ట మారదు, వంటకాల జాబితా ఎంత పెరిగినా ఒక్కొక్కటీ కాస్త తగ్గుతుంది. నాలుగో కూర చేర్చమని పెళ్ళివారు అడిగినప్పుడు సరుకు పెద్దగా పెరగదు. పెరిగేది కోత కూలీ, ఒక పొయ్యి, వడ్డించే ఒక చెయ్యి, గిన్నె అడుగున మిగిలిపోయేది. ఈ సంగతి తెలియక కొత్తవాళ్ళు కూర చేరిన ప్రతిసారీ మనిషికి పూర్తి కొలత వేసి ధర పెంచేసుకుని ఆర్డరు పోగొట్టుకుంటారు.

సరుకు మొత్తం, నెయ్యి, నూనె, విస్తరాకులు, నీళ్ళ సీసాలు, కిళ్ళీలతో సహా 55,000. విస్తరికి 110. కేటరింగ్ మీద 5 శాతం జీఎస్టీ బిల్లు అడుగున వేరుగా పడుతుంది. సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను మాత్రం తిరిగి రాదు, అందుకే అది ఈ 55,000లోనే కలిసి ఉంది.

తర్వాత కూలీ. వంట మాస్టరు, ముగ్గురు సహాయకులు, కోతకీ కడగడానికీ పదిమంది ఆడవాళ్ళు, వడ్డనకి 16 మంది కుర్రాళ్ళు, వాళ్ళ మీద ఒక అజమాయిషీ. మొత్తం 29,000. ఈ 16 అన్న అంకెని ఆయన 500 నుంచి తీయలేదు, హాలు నుంచి తీశాడు. భోజనశాలలో ఒక బంతికి 170 మంది కూర్చుంటారు. వడ్డన వాళ్ళు ఎంతమంది కావాలో ఆ 170 చెబుతుంది. ఎన్ని బంతులు లేస్తాయన్నది వాళ్ళు ఎంతసేపు నిలబడాలో చెబుతుంది, అంతే. గ్యాసు, వ్యాను, గుండిగల, గంగాళాల అద్దె కలిపి ఇంకో 14,000.

మొత్తం 98,000. 500తో భాగిస్తే విస్తరికి 196.

ఇక లాభం. ఆయన పెట్టుకున్నది 30 శాతం. చాలామంది ఇక్కడ 196కి 30 శాతం కలిపి 255 అంటారు. ఆయన 196ని 0.70తో భాగించి 280 అన్నాడు. ఆయనకి కావలసిన 30 శాతం, చేతికొచ్చే ప్రతి వంద రూపాయల్లో 30. 255కి ఒప్పుకుంటే వందకి మిగిలేది 23 మాత్రమే. విస్తరికి తేడా 25, ఆర్డరు మొత్తం మీద 12,500 రూపాయలు. మూఢంలోనూ శూన్యమాసంలోనూ పెళ్ళిళ్ళు లేని రోజుల్లో గోడౌను అద్దె కట్టేదీ, వంట మాస్టరుకి అడ్వాన్సు ఇచ్చేదీ ఆ డబ్బుతోనే.

చీటీ వెనక వైపు నాకు మరీ నచ్చింది. అక్కడ ‘400 అయితే?’ అని రాసి గీత గీశాడు. సరుకు 44,000కి తగ్గింది. వడ్డన కుర్రాళ్ళు తగ్గలేదు, 400 మందికైనా మూడు బంతులే. కోతకి ఇద్దరు తగ్గారు, కూలీ 27,600. గ్యాసూ బండీ 13,000. మొత్తం 84,600, విస్తరికి 211 రూపాయల 50 పైసలు. అదే లాభం నిలవాలంటే ధర 302 కావాలి. దాని కింద ఇంకో వరస: 500కి వండాక 400 మందే వచ్చి, 400కే డబ్బిస్తే? 280 చొప్పున వచ్చేది 1,12,000, ఖర్చు 98,000. మిగిలేది 14,000, అంటే వందకి పన్నెండున్నర. అందుకే ‘కనీసం 480 విస్తళ్ళకి డబ్బు’ అన్న షరతు అడ్వాన్సు రోజే రాయించుకుంటాడు. పెళ్ళివారికి అది మొండితనంగా అనిపించవచ్చు, ఈ రెండు వరసలూ చూశాక అలా అనిపించదు.

భోజనాలయ్యాక మిగిలినది రాసుకోవడానికి ఒక గడి ఖాళీగా వదిలాడు. అందులో గిన్నెలో మిగిలింది వేరు, విస్తట్లో వదిలింది వేరు. సాంబారు గిన్నెలో మిగిలితే కొలత ఎక్కువ వేశాడన్నమాట, వచ్చే ఆర్డరుకి తగ్గిస్తాడు. దొండకాయ వేపుడు విస్తళ్ళలో మిగిలితే కొలత జోలికి పోడు. కుర్రాడు అడగకుండా రెండో గరిటె వేశాడా, కాయ ముదురుదా అని వాకబు చేస్తాడు.

పెళ్ళికూతురి తండ్రి బేరమాడిన రోజున ఈ చీటీని మాస్టారు ఎందుకు ఇంత విడమరిచి రాసుకున్నాడో తెలిసింది. ఒక పది రూపాయలు తగ్గించమని పెద్దాయన పట్టుబట్టాడు. మాస్టారు కాగితం మీద వేలు ఆన్చి నీళ్ళ సీసాల వరస చూపించాడు. 550 సీసాలు, ఒక్కోటి 8 రూపాయలు, 4,400. వాటి బదులు క్యాన్లూ గ్లాసులూ పెడితే 1,200 అవుతుంది. మిగిలేది 3,200, విస్తరికి 6 రూపాయల 40 పైసలు. దాన్నీ 0.70తో భాగించి, “నెయ్యీ పప్పూ తగ్గించనండి, రుచి పోతుంది. సీసాలు తీసేస్తే తొమ్మిది తగ్గిస్తాను, 271 రాసుకోండి” అన్నాడు. పెద్దాయన కాసేపు ఆలోచించి సరేనన్నాడు.