సీఎన్‌సీ లేత్ గంట ఖరీదు

హైదరాబాద్ బాలానగర్‌లో జాబ్‌వర్క్ చేసే ఏ షెడ్డుకైనా వెళ్లి "సీఎన్‌సీ లేత్ గంటకు ఎంత తీసుకుంటారు?" అని అడగండి, జవాబు ఠక్కున వస్తుంది. ఆ రేటు ఎలా తేలిందని అడిగితే మాత్రం "చుట్టుపక్కల అందరూ అంతే సార్" అంటారు. పక్క షెడ్డులోని మిషన్ వయసు వేరు, అది తిరిగే గంటలు వేరు, దాని రిపేర్లు వేరు. బజారు రేటు మనకు ఎంత వస్తుందో చెబుతుంది. ఎంత పోతోందో చెప్పదు. కాస్ట్ అకౌంటెంటుగా నేను చేసే పనిలో సగం ఆ రెండో అంకెను పట్టుకోవడమే.

ఒక షెడ్డులోని ఒక మిషన్‌నే తీసుకుని లెక్క వేద్దాం. లెక్క తేలిగ్గా సాగేందుకు అంకెలను కాస్త గుండ్రంగా పెడుతున్నాను. సీఎన్‌సీ లేత్ ధర 18 లక్షలు. రవాణా, పునాది, స్టెబిలైజర్, బిగింపు ఖర్చు మరో లక్ష. తరుగుదలకు మూలం ఈ 19 లక్షలు. కట్టిన జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి వస్తుంది గనుక దాన్ని కలపకూడదు. పదేళ్లు వాడి అమ్మితే 3 లక్షలు వస్తాయనుకుంటే, పదేళ్లలో అరిగిపోయేది 16 లక్షలు. అంటే ఏడాదికి 1,60,000.

ఇక్కడ ఆడిటరుగారి కాగితం అడ్డొస్తుంది. ఆదాయపు పన్ను లెక్కలో మామూలు యంత్రాలకు తరుగుదల 15 శాతం, అదీ ఏటా తగ్గుతూ వచ్చే విలువ మీద. ఆ లెక్కన మొదటి ఏడాది 2,85,000 పడుతుంది, పదో ఏడాదికి 66,000 దగ్గరికి దిగుతుంది. పన్నుకు అది సరే. దాన్నే గంట రేటులోకి తెస్తే, ఒకే బుష్షుకు మిషన్ కొత్తగా ఉన్నప్పుడు ఎక్కువ ధర, పాతబడ్డాక తక్కువ ధర చెప్పాల్సి వస్తుంది. బుష్షు మారలేదు, దాన్ని తిప్పడానికి పట్టే నిమిషాలూ మారలేదు. అందుకే గంట రేటుకు నేను సమాన వాయిదాల పద్ధతే వాడతాను. చాలామంది యజమానులు తరుగుదల చోట బ్యాంకు కిస్తీని రాస్తారు. కిస్తీలో అసలూ వడ్డీ కలిసి ఉంటాయి, పైగా అది ఐదేళ్లలో ముగిసిపోతుంది. మిషన్ మాత్రం ఇంకో ఐదేళ్లు అరుగుతూనే ఉంటుంది. వడ్డీ డబ్బు తెచ్చుకున్నందుకు అయ్యే ఖర్చు. అది మిషన్ నడిపినందుకు అయ్యేది కాదు కాబట్టి ఈ రేటులోకి రాదు. లాభంలోంచి దాన్ని తీర్చుకోవాలి.

ఇన్సూరెన్సు చిన్న పద్దే గానీ అందులోనూ ఒక పొరపాటు దొర్లుతుంటుంది. షెడ్డు మొత్తానికి అగ్నిప్రమాద పాలసీ ఉంది. ప్రీమియం 20,000, బీమా మొత్తం 80 లక్షలు. అందులో మన లేత్ వాటా 20 లక్షలు కాబట్టి నాలుగో వంతు, అంటే 5,000 దీని మీద పడుతుంది. మిషన్లు నాలుగున్నాయా ఆరున్నాయా అని లెక్కపెట్టి సమానంగా పంచేస్తే పాత డ్రిల్లింగ్ మిషన్ కూడా సీఎన్‌సీతో సమానంగా మోస్తుంది. ఈ లేత్ ఒక్కదానికే తీసుకున్న మెషినరీ బ్రేక్‌డౌన్ పాలసీకి 11,000. రెండూ కలిపి ఏడాదికి 16,000.

రిపేర్ల దగ్గర పోయిన ఏడాది బిల్లులు చూసి ఊరుకుంటే లాభం లేదు. లూబ్ ఆయిల్, ఫిల్టర్లు, సర్వీసు, చిన్నాచితకా విడిభాగాలు కలిపి ఏటా 40,000 దాకా అవుతాయి. ఇవి కనిపించే ఖర్చులు. స్పిండిల్ బేరింగులు నాలుగేళ్లకోసారి పోతాయి. పోయినప్పుడు 1,60,000 ఒక్కసారే లాగేస్తాయి. ఆ ఏడాది లెక్క వేస్తే రేటు ఆకాశానికి ఎగురుతుంది, మిగతా మూడేళ్లు మిషన్ చవగ్గా నడుస్తున్నట్టు భ్రమ. ఆ పెద్ద ఖర్చును నాలుగేళ్లకు పంచి, ఏటా 40,000 చొప్పున కలిపితే రిపేర్లు మొత్తం 80,000. బేరింగు ఒక్కసారిగా చావదు. ఫినిషింగులో గీతలు పడతాయి, సైజు మధ్యాహ్నానికి జరుగుతుంది, స్పిండిల్ దగ్గర వేడి, మోత పెరుగుతాయి. ఆపరేటరు ఇవి చెప్పడం మొదలుపెట్టాడంటే నాలుగేళ్ల అంచనాను మూడున్నరకు దించాలి. కోత ఇన్‌సర్టులను మాత్రం ఇందులో కలపను. స్టెయిన్‌లెస్ స్టీలుకు, ఇత్తడికి అవి ఒకేలా అరగవు గనుక జాబును బట్టి విడిగా వేయాలి.

కరెంటు దగ్గర నేను చూసినంతలో అందరూ చేసేది ఒకటే. మిషన్ వెనక రేకు మీద 15 కిలోవాట్లని ఉంటుంది. దాన్ని యూనిట్ రేటుతో గుణించేస్తారు. యూనిట్ 8 రూపాయలనుకుంటే గంటకు 120. కానీ రేకు మీద ఉన్నది మిషన్ లాగగల గరిష్ఠం. స్పిండిల్ ఒక్కసారిగా వేగం అందుకునేటప్పుడో, లోతు కోత పడేటప్పుడో అంత లాగుతుంది. ఫినిషింగు కోతలో, చక్ తెరిచి జాబు మార్చేటప్పుడు అందులో చిన్న వంతే. సబ్‌మీటరు పెట్టి వారం రోజులు రీడింగు తీసి, నడిచిన గంటలతో భాగిస్తే సగటున 5 యూనిట్లు తేలింది. అంటే గంటకు 40. రెండింటికీ తేడా 80 రూపాయలు. సబ్‌మీటరు ఖరీదు ఎంతని యజమాని అడిగాడు. ఈ తేడా చూశాక ఆ ప్రశ్న మళ్లీ రాలేదు. బిల్లులో యూనిట్లతో పాటు లోడు మీద స్థిర చార్జీ కూడా ఉంటుంది. మిషన్ తిరిగినా తిరగకపోయినా దాన్ని కట్టాల్సిందే. ఈ లేత్ వాటా ఏడాదికి 12,000 అనుకుందాం.

ఇక ఎన్ని గంటలతో భాగించాలి? ఖర్చుల మీద గంటసేపు వాదించుకునేవాళ్లు ఈ అంకెను మాత్రం నోటికొచ్చినట్టు చెప్పేస్తారు. మూడు వందల రోజులు, రోజుకు ఎనిమిది గంటలు, 2,400. కానీ మెయింటెనెన్సుకు, మామూలు కరెంటు కోతలకు 200 గంటలు పోతాయి. మిగిలిన 2,200లో ఇంకో 200 సెట్టింగుకు, అంటే జా మార్చడం, టూళ్లు బిగించడం, ప్రోగ్రాం సరిచూడటం, మొదటి ముక్క కొలవడం. చిప్స్ రాలేవి 2,000 గంటలే.

ఆ 2,000తో భాగిస్తే తరుగుదల 80, ఇన్సూరెన్సు 8, రిపేర్లు 40, కరెంటు స్థిర చార్జీతో కలిపి 46. మొత్తం గంటకు 174 రూపాయలు. ఇందులో ఆపరేటరు జీతం, షెడ్డు అద్దె లేవు. ఇది ఒట్టి మిషన్ ఖరీదు.

ఈ 174 చేతికి రాగానే పని అయిపోయిందనుకుంటే చిన్న ఆర్డర్ల దగ్గర దెబ్బ తింటారు. ఒక బుష్షుకు ఆరు నిమిషాలు పడుతుంది, అంటే ముక్కకు 17 రూపాయల 40 పైసలు. ఇరవై ముక్కలు అడిగిన పార్టీకీ అదే, ఐదు వందలు అడిగిన పార్టీకీ అదే. కానీ సెట్టింగు ఇద్దరికీ గంటన్నర పడుతుంది. ఆ గంటన్నర ఖర్చు రేటులో అందరికీ సమానంగా కలిసిపోయి ఉంది.

దాన్ని విడదీయాలంటే ఖర్చును రెండుగా చూడాలి. తరుగుదల, ఇన్సూరెన్సు, స్థిర చార్జీ కలిపి ఏడాదికి 1,88,000 ఎలాగూ పోతాయి. వాటిని సెట్టింగుతో సహా 2,200 గంటలకు పంచితే గంటకు సుమారు 85. రిపేర్లు, యూనిట్ల ఖర్చు కలిపి 80 మాత్రం మిషన్ కోస్తున్నప్పుడే పడుతుంది. కాబట్టి సెట్టింగు గంటకు 85, నడిచే గంటకు 165. సెట్టింగులో కూడా కాస్త కరెంటు కాలుతుంది గానీ అది వదిలేయగలిగినంతే. ఇప్పుడు ఇరవై ముక్కలకు రెండు గంటల నడక, గంటన్నర సెట్టింగు కలిపి 457 రూపాయల 50 పైసలు, అంటే ముక్కకు దాదాపు 23. ఐదు వందల ముక్కలకు యాభై గంటల నడకతో లెక్కిస్తే ముక్కకు 16 రూపాయల 75 పైసలు. 17.40 అని అందరికీ ఒకే ధర చెప్పే షెడ్డు దగ్గరికి చిన్న ఆర్డర్లు వచ్చి పడతాయి, పెద్ద ఆర్డరు పక్క షెడ్డుకు పోతుంది. ఏడాది చివర మిషన్ తీరిక లేకుండా తిరిగినట్టే ఉంటుంది, గల్లాపెట్టె మాత్రం నిండదు.

పనే తగ్గిన ఏడాది సంగతి వేరు. ఆర్డర్లు లేక మిషన్ 1,200 గంటలే నడిచిందనుకోండి. కొందరు ఆ 1,200తోనే భాగిస్తారు. 1,88,000ను 1,200కు పంచితే 157, దానికి 80 కలిపితే 237. ఆ ధర చెబితే ఉన్న పార్టీ కూడా లేచిపోతాడు, గంటలు ఇంకా తగ్గుతాయి, మళ్లీ భాగిస్తే రేటు ఇంకా పెరుగుతుంది. ఖాళీగా ఉన్న 800 గంటల భారం, గంటకు 94 చొప్పున 75,200 రూపాయలు, బుష్షు ఖరీదు కాదు. అది పని తెచ్చుకోలేకపోయిన ఖర్చు. దాన్ని లాభనష్టాల పట్టికలో విడిగా, పేరు పెట్టి చూపించాలి. కాస్ట్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ వాళ్ల ప్రమాణాల్లో సీఏఎస్-2 మామూలు సామర్థ్యాన్ని ఎలా తేల్చాలో చెబుతుంది. దాని సారం చిన్న షెడ్డుకూ వర్తిస్తుంది: మామూలుగా పోయే గంటలను ముందే తీసేయాలి, అసాధారణంగా పోయినవాటిని రేటులోకి రానివ్వకూడదు.

అలాంటి ఖాళీ నెలల్లోనే ఆ యజమాని అడిగాడు, "సార్, ఒక పార్టీ మిషన్‌కు గంటకు 120 లెక్కనే ఇస్తానంటున్నాడు, పట్టమంటారా?" 174 కన్నా తక్కువ కాబట్టి వద్దనడం తేలిక. కానీ మిషన్ ఊరికే ఉంటే 1,88,000 ఎలాగూ పోతోంది. నడిపితే కొత్తగా పడేది గంటకు 80. మిగిలే 40 ఆ నష్టంలో కొంత పూడుస్తుంది. ఆపరేటరుకు నెల జీతమే గనుక దాని వల్ల కొత్త ఖర్చేమీ లేదు. "పట్టండి" అన్నాను, "కాకపోతే ఈ ఆర్డరు వరకే. బిల్లు మీద గంట రేటు రాయకండి, మొత్తానికే ధర చెప్పండి. పాత పార్టీల పని వచ్చిన రోజున దీన్ని పక్కన పెట్టేలా గడువు ముందే మాట్లాడుకోండి." గడువు మాట్లాడటమే కష్టమన్నాడు. అవును, లెక్క కన్నా అదే కష్టం.