ఆ గడిలో ఒకటి

ఆరోగ్య సర్వే చేస్తే దాని ఫలితాలు ఆ ఊళ్లోనే చెప్పి రావాలని మా పీజీ విద్యార్థులను పోరుతుంటాను. వాళ్లకు కాలేజీ సెమినార్ హాలే సుఖం. అక్కడైతే శాంపిల్ ఎంత, ఏ టెస్టు వాడావు, పీ వాల్యూ ఎంత అని అడిగి వదిలేస్తారు. ఊళ్లో అడిగే ప్రశ్నలకు పుస్తకంలో జవాబు దొరకదు.

ఈమధ్య ఒక ఊళ్లో, పంచాయతీ ఆఫీసులో తెర కట్టి మా విద్యార్థిని ఒకమ్మాయి అలాగే ఫలితాలు వివరించింది. ఇంటింటికీ తిరిగి చేసిన సర్వే అది. బీపీ, షుగర్, పొగాకు, మద్యంతోపాటు మానసిక కుంగుబాటు గురించి కూడా అడిగారు. కుంగుబాటుకు పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల పట్టిక ఉంది. నిద్ర, ఆకలి లాంటివన్నీ అడుగుతూ పోయి, చివరికి గత రెండు వారాల్లో చచ్చిపోతే బాగుండునని అనిపించిందా అని అడుగుతుంది. ఆ అమ్మాయి మొదటి స్లైడ్‌లోనే చెప్పింది, ఎవరి పేర్లూ బయటపెట్టలేదని. అది నిజమే.

తరవాత ఒక పట్టిక వచ్చింది. భర్త లేని మహిళల్లో కుంగుబాటు, వయసుల వారీగా. 30 నుంచి 39 ఏళ్ల వాళ్లలో ఒకరు, 40 నుంచి 49 వాళ్లలో ఆరుగురు, 50 నుంచి 59 వాళ్లలో ఎనిమిది మంది, మొత్తం పదిహేను. ప్రశ్నలేమైనా ఉన్నాయా అనగానే వెనక నిలబడ్డ ఆశా కార్యకర్త చెయ్యెత్తింది. "మేడం, పేర్లు లేవన్నారు బాగానే ఉంది. ఆ మొదటి గడిలో ఒకటి అని వేశారు చూడండి, అది అక్కడ ఉండాలా?" అంది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఎందుకనలేదో హాల్లో అందరికీ అర్థమైంది. ఆ వయసులో భర్త పోయినవాళ్లు ఊరి మొత్తానికి ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఆ ఒక్కరూ ఎవరో పోల్చుకోవడానికి ఊరివాళ్లకు ఎంతసేపు పడుతుంది?

ఇంటి దగ్గర అడిగేటప్పటి గోప్యత గురించి మేం బాగానే నేర్పుతాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గృహహింస ప్రశ్నలు ఒక ఇంట్లో ఒక్క మహిళనే అడుగుతారు. అత్తో భర్తో పక్కనుంటే ఆ భాగం అసలు అడగరు, మధ్యలో ఎవరైనా వస్తే ఆపేస్తారు. మా పిల్లలు కూడా గుమ్మంలో ఎవరైనా కనబడితే మాట మార్చి బీపీ చూడటం మొదలుపెడతారు. పేర్లున్న జాబితా ఒక బీరువాలో, నంబర్లు మాత్రమే ఉన్న ఫారాలు ఇంకో బీరువాలో. ఇన్ని జాగ్రత్తలూ పడి, చివరికి స్లైడ్ దగ్గర గుట్టు వదిలేశాం.

ఇలాంటి గడులకు లెక్క ఉంది. 5 కన్నా తక్కువ ఉంటే అంకె చూపకూడదన్నది చాలాచోట్ల పాటించే పద్ధతి. అమెరికాలో మెడికేర్ నడిపే సంస్థ అయితే 10, అంతకన్నా తక్కువ ఉన్న ఏ గడినీ బయటపెట్టనివ్వదు. ఆశా కార్యకర్త ప్రశ్న విన్నాక మా అమ్మాయి చురుగ్గానే స్పందించింది, అక్కడికక్కడే ఒకటి చెరిపి చుక్క పెట్టింది. అయినా పదిహేనులోంచి ఆరు, ఎనిమిది తీసేస్తే మిగిలేదెంతో మూడో తరగతి పిల్లాడు చెబుతాడు. ఒక గడి దాస్తే దానికి తోడు ఇంకొకటైనా దాయాలి, లేదా వరసలు కలిపేయాలి. 30 నుంచి 49 ఏళ్ల వాళ్లు ఏడుగురు అని రాస్తే సరిపోయేది. వైద్యపరంగా ఆ ఊరికి చెప్పాల్సిన సంగతి ఏమీ తగ్గేది కాదు.

చిన్న అంకె ఒక్కటే ప్రమాదం అనుకుంటే పొరపాటు. ఒక వాడలో అడిగిన ఇరవై మంది మగవాళ్లూ మద్యం తాగుతామన్నారని చూపితే, ఆ ఇరవైలో ప్రతి ఒక్కరి సంగతీ చెప్పినట్టే. అంకె పెద్దదే, గుట్టు మాత్రం మిగల్లేదు. జిల్లా మొత్తానికి వేసిన పట్టికను ఊరి స్థాయికి దించినప్పుడు ఈ రెండు చిక్కులూ వస్తాయి. అయినా ఊరివాళ్లకు ఊరి లెక్కే కావాలి, జిల్లా లెక్క చూపిస్తే మాకెందుకంటారు. అది న్యాయమైన కోరికే. అందుకే షుగర్, బీపీ లాంటివి ఊరి స్థాయిలో చెప్పి, కుంగుబాటు, మద్యం, సుఖవ్యాధులు మండల స్థాయికి కలిపి చెప్పడం మంచిదని నా అభిప్రాయం.

ఆ రోజు రెండో ప్రశ్న ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన వేశాడు. "అమ్మాయీ, షుగర్ పరీక్షకని సీసాలో రక్తం తీశారు. పరీక్షకు చుక్క చాలునంటారు గదా, మిగిలింది ఏం చేశారు?" కాలేజీలో ఫ్రీజర్‌లో ఉందనీ ముందుముందు పరిశోధనకు పనికొస్తుందనీ ఆ అమ్మాయి ఉన్నదున్నట్టు చెప్పింది. "మరి నన్నడగలేదే?" అన్నాడాయన. సమ్మతి పత్రంలో ఒక వాక్యం ఉంది, 'ఆరోగ్య పరిశోధన నిమిత్తం' అని. కింద ఆయన వేలిముద్ర, పక్కన సాక్షి సంతకం కూడా ఉన్నాయి. అయినా ఆయన అడిగిందే సబబు.

సరిగ్గా ఇలాంటి ప్రశ్నే 2003లో అమెరికాలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో లేచింది. గ్రాండ్ కాన్యన్ లోయ అడుగున బతికే హవసుపాయి తెగవాళ్లలో మధుమేహం ఎక్కువ. దాని కారణం తెలుసుకుంటామంటే 1990 నుంచి రెండు వందల మందికి పైగా రక్తం ఇచ్చారు. ఆ తెగకు చెందిన కార్లెటా టిలౌసీ ఒక పరిశోధక విద్యార్థి ప్రెజెంటేషన్‌కు వెళ్లింది. అతను మాట్లాడుతున్నది తన వాళ్ల రక్తం గురించే, కానీ మధుమేహం గురించి కాదు. దీనికి మా వాళ్ల అనుమతి తీసుకున్నారా అని ఆమె లేచి అడిగింది. ఆరా తీస్తే, అదే రక్తంతో స్కిజోఫ్రీనియా మీద, దగ్గరి బంధువుల మధ్య సంతానం మీద, ఆ తెగ ఎక్కడినుంచి వలస వచ్చిందన్న దాని మీద పరిశోధనలు జరిగాయని తేలింది. ఆ లోయలోనే తాము పుట్టామన్నది హవసుపాయిల నమ్మకం. అక్కడి పత్రంలోనూ 'ప్రవర్తన, వైద్య సంబంధ రుగ్మతలు' అని విశాలంగా రాసుంది. అదే తమకు అనుమతి అని పరిశోధకులు వాదించారు. కేసు తీర్పుదాకా వెళ్లలేదు. 2010లో యూనివర్సిటీ 41 మందికి 7 లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన రక్తం వెనక్కిచ్చి రాజీపడింది.

మనకు దారి లేక కాదు. ఐసీఎంఆర్ 2017 నైతిక మార్గదర్శకాల్లో మెట్టుమెట్టుగా సమ్మతి తీసుకునే పద్ధతి ఉంది. షుగర్ పరీక్షకు ఒక గడి, మిగిలిన రక్తం దాచడానికి వేరే గడి, దాన్ని ఇంకో పరిశోధనకు వాడటానికి మరో గడి. ప్రతిదానికీ అవును, కాదు అని విడివిడిగా గుర్తు పెట్టించాలి. ఫారం ఒక పేజీ పెరుగుతుంది, ఒక్కో ఇంట్లో ఇంకాసేపు కూర్చోవాలి, అంతకన్నా నష్టం లేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. పరిశోధన, గణాంకాల కోసం చేసే పనికి, ఒక వ్యక్తి గురించి నిర్ణయం తీసుకోవడానికి వాడనంతవరకు, షరతులతో ఆ చట్టం మినహాయింపు ఇచ్చింది. ఈ విషయంలో కాపలా కాయాల్సింది ఎథిక్స్ కమిటీలే. ఫారం చూసినంత శ్రద్ధగా ఆ కమిటీలు ఫలితాల పట్టికలను చూడటం లేదు.

మీ ఇంటికి సర్వే అంటూ ఎవరైనా వస్తే సంతకం పెట్టే ముందు సమాచార పత్రం కాపీ ఒకటి అడిగి తీసుకోండి. అది ఇవ్వడం వాళ్ల విధి. అందులో ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు ఉండాలి. మా ఊరి లెక్కలు ఎవరికి, ఎంత వివరంగా చూపిస్తారు, మిగిలిన రక్తం ఏం చేస్తారు అని అడగండి. సరైన జవాబు రాకపోతే వద్దని చెప్పండి. వద్దన్నందుకు మీకు ఆసుపత్రిలో అందే వైద్యం ఏమాత్రం ఆగకూడదు, ఆ మాట కూడా ఆ పత్రంలోనే రాసి ఉండాలి.