ఉద్యోగంలో ఉండగానే మరో ఉద్యోగం

ఉన్న ఉద్యోగం వదలకుండా ఇంకో ఉద్యోగం వెతుక్కునేవారి సంగతి ఆఫీసులో బయటపడటానికి చాడీలు కారణం కావడం తక్కువ. ఎక్కువసార్లు ఆనవాళ్లే పట్టిస్తాయి. ఎప్పుడూ సెలవు పెట్టని మనిషి ఒకే వారంలో మంగళవారం, శుక్రవారం సెలవు పెడతాడు. రోజూ టీషర్టుతో వచ్చే మనిషి ఒకరోజు ఇస్త్రీ చొక్కాతో, గడ్డం గీసుకుని వచ్చి మధ్యాహ్నానికే వెళ్లిపోతాడు. ఫోన్ మోగితే సీటు దగ్గర మాట్లాడకుండా మెట్ల వైపు నడుస్తాడు. విడివిడిగా వీటిలో ఏదీ పెద్ద సంగతి కాదు. మూడూ ఒకే నెలలో కనిపిస్తే మేనేజర్‌కు ఎవరూ చెప్పక్కర్లేదు.

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఈ గుట్టుకు పెద్ద కారణం నోటీసు పీరియడ్. చాలాచోట్ల అది 60 లేదా 90 రోజులు. అంటే చేతికి ఆఫర్ రాకముందే సంగతి తెలిసిపోతే, ఆ మనిషి నెలల తరబడి ‘వెళ్లిపోయేవాడు’గా అక్కడే కూర్చోవాలి. కొత్త ప్రాజెక్టు ఇవ్వరు, అప్రైజల్‌లో వెనక్కి నెడతారు. ఈలోపు అనుకున్న ఆఫర్ రాకపోతే నష్టమంతా అతనిదే.

వెతుకులాట మొదలయ్యేది ప్రొఫైల్‌తో. లింక్డ్‌ఇన్‌లో ‘Open to work’ పెట్టుకోవడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకదానిలో ఫొటో చుట్టూ ఆకుపచ్చ పట్టీ వచ్చి అందరికీ కనిపిస్తుంది. రెండోది రిక్రూటర్లకే కనిపించేది. ఈ రెండోదానిలో సొంత కంపెనీ రిక్రూటర్లకు కనబడకుండా జాగ్రత్త తీసుకుంటామని ఆ సంస్థ చెబుతుంది కానీ, పూర్తి గోప్యతకు హామీ ఇవ్వలేమని కూడా చెబుతుంది. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. కంపెనీ పేరును అడ్డుకోవచ్చు. ఆ కంపెనీకి మనుషులను వెతికిపెట్టే కన్సల్టెన్సీని అడ్డుకోవడం కష్టం. అదే కన్సల్టెన్సీ ఒక ఉద్యోగి రెజ్యూమెను అతని సొంత హెచ్ఆర్‌కే పంపిన సందర్భాలున్నాయి. అందుకే కన్సల్టెన్సీ నుంచి ఫోన్ వస్తే, రెజ్యూమె ఏ కంపెనీకి పంపుతున్నారో ముందుగా పేరు అడిగి, తాను సరేనన్నాకే పంపాలని మెయిల్‌లో రాయించుకోవడం అవసరం. ఏళ్ల తరబడి ముట్టుకోని ప్రొఫైల్‌ను ఒక్క రాత్రిలో సాంతం మార్చడం కూడా నలుగురి కంటా పడుతుంది. రెండు మూడు వారాల్లో కొంచెం కొంచెంగా, మార్పుల సంగతి పరిచయస్తులకు వెళ్లకుండా ఆపుకుని, సరిచేసుకోవడం నయం.

కంపెనీ ల్యాప్‌టాప్, కంపెనీ మెయిల్, ఆఫీసు వైఫై ఈ పనికి పూర్తిగా నిషిద్ధం. వాటి మీద ఏం జరిగినా చూసే హక్కు కంపెనీకి ఉందని చేరేటప్పుడు సంతకం పెట్టిన కాగితాల్లో సాధారణంగా ఉంటుంది. ఇంటర్వ్యూలో తరచూ అడిగే మూడు నెలల పే స్లిప్పులను ఆఫీసు మెయిల్ నుంచి సొంత మెయిల్‌కు పంపుకోవడం ఇంకో పొరపాటు. బయటికి వెళ్లే ఫైళ్లను గమనించే సాఫ్ట్‌వేర్ చాలాచోట్ల ఉంటుంది. పేరోల్ పోర్టల్‌ను సొంత ఫోన్‌లో తెరవనిస్తే, ఏ నెల స్లిప్పు ఆ నెల దించుకునే అలవాటు ముందునుంచీ ఉండటం మంచిది.

అసలు కష్టం సమయంతోనే. గచ్చిబౌలిలో ఒక కంపెనీలో పనిచేస్తున్న ఆరేళ్ల అనుభవమున్న టెస్టింగ్ ఇంజినీర్‌ను అనుకుందాం. ఆఫీసు ఉదయం పదిన్నర నుంచి రాత్రి ఏడున్నర దాకా. మూడు వారాల్లో రెండు కంపెనీలతో ఏడు దఫాలు మాట్లాడాలి: రెండు ఫోన్ కాల్స్, మూడు వీడియో ఇంటర్వ్యూలు, రెండు ముఖాముఖి. వాళ్లు చెప్పిన సమయానికల్లా తలూపితే ఫోన్లు పోను అయిదు సెలవులు పోతాయి, అయిదూ కంటబడతాయి. అతను అలా చేయడు. ఇరవై నిమిషాల ఫోన్ కాల్స్ రెండింటినీ భోజన విరామంలో, క్యాంపస్ దాటి బయట మాట్లాడతాడు. మొదటి వీడియో ఇంటర్వ్యూకు ఉదయం ఎనిమిదిన్నర అడుగుతాడు. రెండోది శనివారం. మూడోదానికి ఇంటర్వ్యూ చేసే ఆర్కిటెక్ట్‌కు మధ్యాహ్నం మూడు తప్ప వీలుకాదు. దానికి అరపూట సెలవు. ముఖాముఖి రెండూ ఒకే గురువారం, ఒకటి ఉదయం పదికి, ఇంకోటి మధ్యాహ్నం మూడుకు పడేలా మాట్లాడుకుంటాడు. మొత్తం ఖర్చు ఒకటిన్నర రోజు.

ఇలా అడిగితే అవకాశం పోతుందని చాలామంది భయపడతారు. ‘ప్రస్తుతం ఉద్యోగంలో ఉన్నాను, పదిలోపు గానీ ఏడున్నర తర్వాత గానీ వీలవుతుంది’ అంటే రిక్రూటర్లు తప్పుగా అనుకోరు. రోజూ వినే మాటే. ఇప్పటి కంపెనీ సమయాన్ని గౌరవించే మనిషి అని కూడా అర్థం చేసుకుంటారు. వర్క్ ఫ్రమ్ హోమ్ రోజున పని గంటల మధ్యలో ఇంటర్వ్యూ దూర్చుకోవడం మాత్రం సరికాదు. అది జీతమిస్తున్నవారి సమయం. పైగా టీమ్స్‌లో పేరు పక్కన పసుపు గుర్తు గంటసేపు కదలకుండా ఉంటే అందరికీ కనిపిస్తుంది.

సెలవుకు కారణం ‘సొంత పని’ అని రాస్తే చాలు. జ్వరమనో, ఊళ్లో పెద్దవాళ్లకు బాగాలేదనో అబద్ధం చెబితే మర్నాడు పరామర్శలకు జవాబు చెప్పాలి, ఒక్కోసారి డాక్టర్ చీటీ కూడా తేవాలి. రేపు సంగతి తెలిసినప్పుడు ఉద్యోగం మారినందుకు ఎవరూ బాధపడరు గానీ, తమతో అబద్ధమాడినందుకు బాధపడతారు. ముఖాముఖి ఇంటర్వ్యూ ఎక్కడో కూడా చూసుకోవాలి. మాదాపూర్ మైండ్‌స్పేస్ లాంటి చోట ఒకే ఆవరణలో ఎన్నో కంపెనీలుంటాయి. సెలవు పెట్టిన మనిషి సొంత ఆఫీసు పక్క బ్లాకులోనే విజిటర్ బ్యాడ్జీతో లిఫ్ట్ కోసం నిలబడితే సొంత టీమ్ వాళ్లు ఎదురుపడటం ఖాయం. అలాంటప్పుడు ఆ రౌండు వీడియోలో పెట్టమని అడగడం మేలు.

రెఫరెన్స్ అడిగితే, ఇప్పటి మేనేజర్ బదులు ఈ కంపెనీ నుంచే వెళ్లిపోయిన పాత మేనేజర్ పేరు ఇవ్వవచ్చు. ఆఫర్ వచ్చాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఫారంలో, ప్రస్తుత కంపెనీని ఇప్పుడు సంప్రదించవచ్చా అనే ప్రశ్న సాధారణంగా ఉంటుంది. దానికి ‘వద్దు, రిలీవ్ అయ్యాక’ అని గుర్తుపెట్టాలి. తొందరలో ‘సరే’ అని నొక్కినందువల్ల, రాజీనామాకు ముందే హెచ్ఆర్‌కు మెయిల్ వెళ్లి గుట్టు రట్టయినవాళ్లున్నారు.

నోటీసు ఎంత అని అడిగితే ఉన్నదే చెప్పాలి. తొందరగా చేరగలవారినే చూస్తారన్న భయంతో ఆఫర్ లేకుండానే రాజీనామా పెట్టి, ఆ తొంభై రోజుల్లో వెతుక్కునేవాళ్లున్నారు. మార్కెట్ మందగిస్తే అది చేతులారా తెచ్చుకున్న కష్టం. నోటీసు తగ్గించుకోవడానికి బైఅవుట్ ఉంది. కట్టాల్సింది బేసిక్ మీదా, మొత్తం జీతం మీదా, మిగిలిన సెలవులను అందులో సర్దుతారా అన్నది అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో చూసుకోవాలి. కొన్ని కంపెనీల్లో నోటీసులో సెలవు పెడితే ఆఖరి రోజు అంత ఆలస్యమవుతుంది.

జీతం, హోదా, చేరే తేదీ ఉన్న ఆఫర్ లెటర్ చేతికి వచ్చి, వెరిఫికేషన్‌లో తేలాల్సినవి తేలాకే రాజీనామా. ఆ కబురు ముందుగా మేనేజర్‌కు, ఎదురుగా కూర్చుని చెప్పాలి. మెయిల్ ఆ తర్వాత. దగ్గరి స్నేహితులైనా సరే, టీమ్‌లో మిగతావారికి ఆయన తర్వాతే తెలియాలి. లింక్డ్‌ఇన్‌లో కొత్త కంపెనీ పేరు రిలీవింగ్ లెటర్ తీసుకుని, అక్కడ చేరాక పెట్టుకోవచ్చు.