అల్లుడి అప్పు తీరినా మామ సంతకం మిగిలింది

బాచుపల్లి, నిజాంపేట, ప్రగతినగర్ చుట్టుపక్కల ఫ్లాటు కొనుక్కునేవాళ్ళు హోమ్ లోన్ ఆగిందంటే జీతం చాలలేదనో, బిల్డర్ కాగితాల్లో లోటుందనో అనుకుంటారు. బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో చాలాకాలం పనిచేసినవాణ్ణి కాబట్టి ఇంకో కారణం కూడా నాకు తెలుసు. ఎప్పుడో ఎవరి అప్పుకో పెట్టిన ష్యూరిటీ సంతకం. ఆ అప్పు తీరిపోయి ఉంటుంది. అయినా సంతకం పెట్టినవాళ్ళ పేరు బ్యాంకు రికార్డులో అలాగే ఉంటుంది.

మా అపార్ట్‌మెంట్‌లోనే ఉంటారొకాయన. ఇక్కడి ఫార్మా కంపెనీలో ఉద్యోగం. 2015లో అక్క కొడుకు బీటెక్‌లో చేరినప్పుడు 7 లక్షల విద్యారుణానికి ష్యూరిటీ ఉన్నారు. అప్పట్లో బ్యాంకుల సంఘం తయారుచేసిన నమూనా విద్యారుణ పథకంలో 4 లక్షల దాకా హామీ అడిగేవారు కాదు. 4 లక్షలు దాటి ఏడున్నర లక్షల దాకా మూడో మనిషి హామీ అడిగేవారు, ఆపైన ఆస్తి తాకట్టు. మన ఇళ్ళలో ఆ మూడో మనిషి చాలాసార్లు మేనమామో బాబాయో అవుతాడు. చదువు అయింది, గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చింది, ఆ తర్వాత కుర్రాడు డాలస్ వెళ్ళాడు, అప్పు కట్టేశాడు. మామయ్య ఫ్లాటు చూసుకుని లోన్‌కి వెళితే అక్కడి ఆఫీసరు సిబిల్ రిపోర్టు తిప్పి చూపించారు. ‘గ్యారంటర్’ అన్న చోట ఆ పాత ఖాతా ఇంకా తెరిచే ఉంది. బాకీ 429 రూపాయలు.

ఫోన్ చేస్తే కుర్రాడు కంగారుపడ్డాడు. “మామయ్యా, మొత్తం కట్టేశాను, మెసేజ్ కూడా వచ్చింది!” అన్నాడు. అబద్ధమేం కాదు. బ్రాంచి వాళ్ళు ఒకటో తేదీన లెక్క కట్టి 1,86,400 అని చెప్పారు. అతను డబ్బు పంపింది తొమ్మిదిన. పదిన్నర శాతం వడ్డీకి ఆ మొత్తం మీద రోజుకు దాదాపు 54 రూపాయలు పడుతుంది. ఎనిమిది రోజులకు 429. ఖాతా సున్నాకి రాలేదు, సున్నాకి రానిది మూతపడదు. ఇలాంటి చిల్లర బాకీ ఎవరి దృష్టికీ రాదు, గడువు మీరిన రోజులు మాత్రం అప్పు తీసుకున్నవాడి రిపోర్టులోనూ హామీదారు రిపోర్టులోనూ పడుతూనే ఉంటాయి. అందుకే హామీదారు చేయాల్సిన మొదటి పని ఉత్తరం రాయడం కాదు. ఖాతా నిజంగా మూతపడిందో లేదో తేల్చుకోవడం. హామీదారు అడిగితే బ్యాంకు ఇంకొకరి ఖాతా స్టేట్‌మెంట్ ఇవ్వడానికి వెనకాడుతుంది కాబట్టి, అప్పు తీసుకున్నవాడే ఆ 429 కట్టి, ఖాతా క్లోజ్ చేసినట్టు లెటర్ తీసుకుని పంపాలి. డాలస్ నుంచి ఆ కుర్రాడు చేసిందదే.

“ఇక అయిపోయినట్టేగా సార్?” అని అడిగారాయన. అవలేదు. ఆ లెటర్ అల్లుడి పేరు మీద ఉంది, అల్లుడి అప్పు గురించి మాట్లాడుతుంది. మామయ్య సంతకం చేసింది వేరే కాగితం మీద, హామీ పత్రం మీద. అప్పు తీరితే దానికిచ్చిన హామీ కూడా దానంతటదే తీరుతుంది, నిజమే. కానీ ఆ పత్రంలో హామీ ఆ ఒక్క అప్పుకేనా అన్నది చూడాలి. కొన్ని అచ్చు ఫారాల్లో ‘ఈ రుణగ్రహీత బ్యాంకుకు ఇప్పుడు గానీ ఇకముందు గానీ బాకీపడే సొమ్మంతటికీ’ అని ఉంటుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 129వ సెక్షన్ చెప్పే కొనసాగే హామీ ఇలాంటిదే. ఒక లావాదేవీతో ముగియదు.

ఈ తేడా వ్యాపార అప్పుల్లో బాగా కనపడుతుంది. తోడల్లుడి మెడికల్ షాపుకు 10 లక్షల క్యాష్ క్రెడిట్ లిమిట్ ఉందనుకోండి, మీరు ష్యూరిటీ. మార్చి 31న ఖాతా సున్నా. ఏప్రిల్ 3న స్టాకు కోసం మళ్ళీ 4 లక్షలు తీశాడు. ఆ 4 లక్షలకూ మీరు పూచీదారే. అక్కడ బాకీ సున్నా అవడం చాలదు, లిమిట్ రద్దు కావాలి. విద్యారుణం, ఇంటి రుణం లాంటివి ఒకసారి తీసుకుని వాయిదాల్లో తీర్చేవి కాబట్టి ఆ ప్రమాదం తక్కువ. కానీ సొమ్మంతటికీ అన్న మాట ఆ పత్రంలో ఉంటే, అదే కుర్రాడు రేపు అదే బ్యాంకులో ఇంకో అప్పు తీసుకున్నప్పుడు పాత సంతకం బయటికి రావచ్చు. 128వ సెక్షన్ ప్రకారం, పత్రంలో వేరేగా రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానం. ముందు అతన్ని అడిగి తర్వాతే నన్ను అడగాలి అనడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 1968లోనే, బ్యాంక్ ఆఫ్ బిహార్ కేసులో చెప్పింది.

కాబట్టి ఉత్తరం రాయాలి. ‘దయచేసి నన్ను హామీ నుంచి తప్పించండి’ అని మాత్రం రాయకూడదు. అప్పు నడుస్తుండగా తప్పుకోవాలనుకునేవాళ్ళు రాసేది అది, దానికి బ్యాంకు కాదనవచ్చు. అప్పు తీరాక మీరు అడుగుతున్నది దయ కాదు, జరిగినదానికి రాతపూర్వక ధ్రువీకరణ. మేమిద్దరం కూర్చుని రాసిన ఉత్తరం సారాంశం ఇది:

“ఫలానా తేదీన మీ బ్రాంచిలో ఫలానా నంబరు విద్యారుణ ఖాతాకు నేను హామీ పత్రం మీద సంతకం చేశాను. ఆ రుణం పూర్తిగా తీరి, ఫలానా తేదీన ఖాతా క్లోజ్ అయినట్టు మీరిచ్చిన లెటర్ కాపీ జతచేస్తున్నాను. ఆ హామీ కింద నా బాధ్యత ముగిసిందనీ, అదే పత్రం ఆధారంగా ఈ రుణగ్రహీత వేరే ఏ ఖాతాకూ నేను బాధ్యుణ్ణి కాననీ రాతపూర్వకంగా తెలియజేయండి. ఇకమీదట ఆ పత్రం మీద ఆధారపడి కొత్త అప్పేదీ ఇవ్వవద్దని ఈ ఉత్తరం ద్వారా నోటీసు ఇస్తున్నాను. పత్రాన్ని రద్దుచేసి తిరిగి ఇవ్వండి. క్రెడిట్ సమాచార సంస్థలన్నిటికీ నా పేరు మీద ఈ ఖాతా మూతపడినట్టు పంపండి.”

కొత్త అప్పుల గురించిన వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. దానికి ఆధారం 130వ సెక్షన్. కొనసాగే హామీని ముందు ముందు జరగబోయే లావాదేవీల వరకు హామీదారు నోటీసిచ్చి రద్దు చేసుకోవచ్చు. అయితే నోటీసు ఒక్కటే నమ్ముకోకూడదు. సీతారాం గుప్తా, పంజాబ్ నేషనల్ బ్యాంకు కేసులో హామీదారు రద్దు ఉత్తరం రాసి కూడా గెలవలేదు. పత్రంలో తానే వేరేగా ఒప్పుకున్నాడు కాబట్టి ఆ సెక్షన్ వెనక దాక్కోలేడని సుప్రీంకోర్టు 2008లో తీర్పిచ్చింది. మీరు పంపిన నోటీసు కన్నా బ్యాంకు సంతకంతో వచ్చే విడుదల మాటకు విలువెక్కువ అంటున్నది ఇందుకే.

ఉత్తరంలో బ్యాంకు పేరు దగ్గర మన రాష్ట్రాల వాళ్ళకు ఒక చిక్కుంది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసింది. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో, అదే రోజు సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిశాయి. అలాంటి బ్యాంకుల్లో ఇచ్చిన హామీలు పాత పేరు మీదే ఉంటాయి, హక్కులు కొత్త బ్యాంకుకు వెళ్ళాయి. బ్రాంచిలు కూడా కొన్ని ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. అందుకని రెండు పేర్లూ, పాత బ్రాంచి పేరూ, పాత ఖాతా నంబరు మారి ఉంటే రెండు నంబర్లూ రాయాలి. లేకపోతే కౌంటర్‌లో కూర్చున్న కొత్త ఆఫీసరుకు ఆ పత్రం ఏ ఫైల్లో వెతకాలో తెలియదు.

స్వయంగా ఇస్తే మీ కాపీ మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. దూరమైతే స్పీడ్ పోస్టులో పంపండి, పాత రిజిస్టర్డ్ పోస్టు ఇప్పుడు అందులోనే కలిసిపోయింది. హామీ కోసం ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద లియన్ పెట్టి ఉన్నా, జీతంలోంచి కోసుకోవచ్చని కంపెనీ ద్వారా లెటర్ ఇచ్చి ఉన్నా వాటి రద్దు కూడా ఇదే ఉత్తరంలో అడగాలి. ఇంటి దస్తావేజు పెట్టినవాళ్ళకు ఒక అండ ఉంది. 2023 సెప్టెంబరు 13న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం వ్యక్తిగత రుణాల్లో అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఆస్తి పత్రాలు తిరిగివ్వాలి, ఆలస్యం బ్యాంకుదైతే రోజుకు 5,000 రూపాయలు. ఆ ఆదేశం ఆస్తి పత్రాల గురించి. ఒట్టి హామీ పత్రానికి దాన్ని చూపించి వాదించలేం.

జవాబు వచ్చాక నేను చదివేది రెండు చోట్ల. అది ఎవరి పేరున ఉంది? అందులో హామీ పత్రం తేదీ ఉందా? ఆయనకు మొదట వచ్చిన జవాబు ‘సదరు ఖాతా క్లోజ్ అయినది’ అన్న ఒక్క ముక్క. హామీ ఊసే లేదు. మా ఉత్తరం కాపీ జతచేసి, హామీ గురించి అడిగినదానికి సమాధానం రాలేదని మళ్ళీ రాశాం. ఈసారి పత్రం తేదీతో సహా ‘హామీ నుంచి విడుదల చేయడమైనది’ అని వచ్చింది. ఒకవేళ అప్పు రాజీ మీద, అసలులో కొంత తగ్గించుకుని తీరి ఉంటే ఇంకా జాగ్రత్త కావాలి. అప్పుడు రిపోర్టులో ‘క్లోజ్డ్’ బదులు ‘సెటిల్డ్’ అని పడుతుంది. తగ్గించిన సొమ్ము హామీదారు దగ్గర అడగబోమని రాజీ లెటర్‌లో ఉందో లేదో చూసి, లేకపోతే విడుదల లెటర్‌లో ఆ మాట రాయించుకోవాలి. పుస్తకాల్లోంచి కొట్టేసిన అప్పు, అంటే ‘రిటెన్ ఆఫ్’, తీరిన అప్పు కాదు.

ఇక సిబిల్. బ్యాంకులు పదిహేను రోజులకొకసారి క్రెడిట్ సమాచారం పంపాలన్న నిబంధన 2025 జనవరిలో అమల్లోకి వచ్చింది. కాబట్టి విడుదల లెటర్ వచ్చాక ఒక నెల ఆగి రిపోర్టు తీసి చూడటం సబబు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికొక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఒకదాన్లో సరై ఇంకోదాన్లో మిగిలిపోవడం మామూలే, అందుకని నాలుగూ చూడాలి. తప్పుంటే ఆ సంస్థకూ బ్యాంకుకూ ఫిర్యాదు పెట్టాలి. 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే ఆపైన రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2023 అక్టోబరులో చెప్పింది. బ్యాంకుకు రాసిన ఉత్తరానికి 30 రోజులైనా జవాబు రాకపోయినా, వచ్చినది తృప్తిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయవచ్చు. ముద్ర వేయించుకున్న కాపీ అక్కడ పనికొస్తుంది.

మా పొరుగాయనకు అంత దూరం వెళ్ళాల్సిన పని పడలేదు. హామీ పత్రం అసలుది బ్యాంకు తన రికార్డులో ఉంచుకుంటానంది, రద్దు ముద్ర వేసి జిరాక్స్ ఇచ్చింది. అది చాలు. హోమ్ లోన్ బ్యాంకువాళ్ళు విడుదల లెటర్ ఒరిజినల్ అడిగారట. చూపించి, కాపీ ఇచ్చి, ఒరిజినల్ వెనక్కి తెచ్చుకోమన్నాను.