తిరిగే రోలు

రుబ్బురోట్లో రోలు కదలదు, పొత్రం తిరుగుతుంది. గ్రైండర్‌లో రోలే తిరుగుతుంది. దాని మీద ఆనించిన రాళ్లు ఆ కదలికకే దొర్లుతూ పప్పును నలుపుతాయి. 1955లో కోయంబత్తూరులో సభాపతి చేసిన తొలి యంత్రంతో మొదలైన ఈ పనితనానికి తర్వాత ‘కోయంబత్తూర్ వెట్ గ్రైండర్’ పేరుతో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. జఫర్‌గఢ్‌లో ఒక ఇంటివాళ్లు వరంగల్ బజారుకు వెళ్లి రెండు లీటర్ల గ్రైండర్ కొనాలనుకుంటే, దుకాణంలో తెరిచి చూడాల్సింది ఆ రాళ్లనే.

స్టీలు డ్రమ్ము నిజానికి గోడ మాత్రమే. నలిగేది అడుగున బిగించిన నల్లరాయి మీద. తిరిగే డ్రమ్ములో అంచు వేగంగా, నడుమ నెమ్మదిగా కదులుతుంది. అందుకే మంచి పనివాళ్లు పై రాళ్లను శంకువులా చెక్కుతారు. లావు కొస అంచు వైపు, సన్న కొస నడుమ వైపు ఉండి, రాయి పొడవునా అడుగుకు ఆనుతుంది. వేలితో తడిమితే రాయి నున్నగా జారకూడదు, సన్నటి గరుకు తగలాలి. స్టీలుకూ రాయికీ మధ్య అతుకులో సందు ఉంటే పిండి అందులో చేరి పులిసి వాసన కొడుతుంది, ఎంత కడిగినా పోదు. స్టీలు నాణ్యత తేల్చడానికి అయస్కాంతం పెట్టి చూసేవాళ్లున్నారు. అది అంటుకోనంత మాత్రాన మేలురకం 304 స్టీలని నమ్మలేం, చవక రకమైన 202కి కూడా అంటుకోదు. డబ్బా మీద 304 అని రాసి ఉందో లేదో చూడటం మేలు. తర్వాత పై రాళ్లు తీసి ఖాళీ డ్రమ్మును నడిపించమనండి. అంచు ఊగకుండా ఒకే గీతలో తిరిగితే ఇరుసు సరిగ్గా కూర్చున్నట్టు.

డ్రమ్ము తిరిగే నెమ్మదిలోనే ఇడ్లీ మెత్తదనం ఉంది. మిక్సీ బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరిగి పప్పును కోస్తుంది, పిండిని వేడెక్కిస్తుంది. డ్రమ్ము నిమిషానికి వంద, నూటయాభై చుట్ల దగ్గరే ఉండి నలుపుతూ గాలిని పట్టిస్తుంది. మన ఇళ్లలో ఇడ్లీకి రవ్వ కలుపుతాం కాబట్టి గ్రైండర్‌కు పప్పే పని. పావుకిలో మినపప్పు నాలుగు గంటలు నానబెట్టి, ముందు కొద్దిగా నీళ్లు పోసి డ్రమ్మును తిరగనిచ్చి, అప్పుడు గుప్పెడు గుప్పెడుగా వేయాలి. అరగంటకు పిండి పొంగి తెల్లబడుతుంది. చిన్న ముద్ద నీళ్లలో వేస్తే తేలాలి. పొంగే పిండి నడిమి గొట్టం పైఅంచు దాటితే ఇరుసులోకి దిగుతుంది కాబట్టి రెండు లీటర్ల డ్రమ్మును ఎన్నడూ నిండా వాడకూడదు. మోటారుకు అసలు బరువు పడేది దోశ బియ్యం రుబ్బేటప్పుడు.

ఈ సైజుకు సాధారణంగా 150 వాట్ల మోటారు పెడతారు. అరగంట నడిస్తే ఖర్చయ్యేది యూనిట్లో పదో వంతు కూడా కాదు. ఊళ్లో చూసుకోవాల్సింది వాట్లకంటే వోల్టేజీ. ఇలాంటి మోటారు తిప్పే బలం వోల్టేజీతో పాటు సమానంగా కాదు, దాని వర్గం లెక్కన పడిపోతుంది. 230 వోల్టులు 180కి దిగితే బలం 60 శాతం దగ్గరికి వస్తుంది. బోర్లన్నీ నడిచే వేళ బియ్యంతో నిండిన డ్రమ్మును మొదలుపెడితే మోటారు కదల్లేక వేడెక్కుతుంది. వేడికి దానంతటదే ఆగిపోయే రక్షణ మీట ఉన్న యంత్రాన్నే తీసుకోవాలి.

ఆగిపోయిన గ్రైండర్ తన జబ్బును శబ్దంతో చెబుతుంది. మోటారు హుమ్మని మూలుగుతూ కదలకపోతే, వోల్టేజీ బాగున్నప్పుడు, అనుమానించాల్సింది కెపాసిటర్‌నే. వెంటనే స్విచ్ ఆపాలి, లేదంటే తీగచుట్ట కాలుతుంది. మోటారు హాయిగా తిరుగుతూ డ్రమ్ము మాత్రం నిలిచిపోతే, రబ్బరు వాసన వస్తే బెల్టు వదులైంది. రెండూ చిన్న ఖర్చులే, ఊరి మెకానిక్ చేయగల పనులే. అయితే ఆ బెల్టు దొరకాలి కదా! అందుకే ధర అడిగే ముందే ఈ మోడల్ బెల్టు, రాళ్ల మధ్య నైలాన్ బుష్‌లు మీ దగ్గరున్నాయా అని అడగాలి. తీసి చూపించగల దుకాణం హనుమకొండలో ఉంటే, ఆకర్షణీయమైన తగ్గింపు ఇచ్చే ఆన్‌లైన్ బేరం కన్నా నేను దానివైపే మొగ్గుతాను. పది కిలోలకు మించిన రాతి యంత్రాన్ని సర్వీసు సెంటరుకు బస్సులో మోసుకెళ్లడం మాటలు కాదు. వారంటీ కార్డులో మోటారు గడువు వేరు, మిగతా భాగాల గడువు వేరు. రాయి పగిలితే ఎవరి బాధ్యతో కూడా అక్కడే చదివి, దుకాణం ముద్ర, తేదీ వేయించుకోవాలి.

ఇంటికి తెచ్చాక మొదట గుప్పెడు నానిన బియ్యం రుబ్బి పారబోయాలి. రాతిపొడి కలిసి పిండి బూడిదరంగులో వస్తుంది. తెల్లగా వచ్చేదాకా అలాగే చేసి, ఆ తర్వాతే పప్పు పోయాలి.